గడువుకీ ధర ఉంటుంది

గుంటూరులో స్కూల్ యూనిఫాంలు అమ్మే ఒక చిన్న షాపు ఉందనుకుందాం. చొక్కాలు, ప్యాంట్లు, స్కర్టులు కుట్టి పంపేది హైదరాబాదులోని ఒక చిన్న కుట్టు యూనిట్. పదేళ్ల నుంచి సరుకు అక్కడిదే. ఏటా రూ. 5 లక్షల ఆర్డరు, బిల్లు వచ్చిన 30 రోజులకు డబ్బు. ఈ ఏడు షాపు యజమానురాలికి రెండు కోరికలు ఉన్నాయి. ధరలో 5 శాతం తగ్గాలి, గడువు 60 రోజులు కావాలి. ఆ యూనిట్‌ని మాత్రం పోగొట్టుకోకూడదు. జూన్ రెండో వారంలో 30 సైజు ప్యాంట్లు అయిపోతే ఫోన్ చేసిన మర్నాడే పార్సిల్ వేసేది ఆయనే.

ఈ రెండు కోరికలూ సరుకు ఇచ్చే ఆయనకు ఎంతకు పడతాయో ఆమె ముందు లెక్క చూసుకోవాలి. 5 లక్షల మీద 5 శాతం అంటే రూ. 25 వేలు. అది అందరికీ కనిపించే లెక్కే. కనిపించనిది గడువు లెక్క. ఆయన బ్యాంకు ఓడీ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ కడుతున్నాడనుకుంటే, 5 లక్షలు మరో 30 రోజులు ఆగడానికి దాదాపు రూ. 5 వేలు అవుతుంది. రెండూ కలిపితే 30 వేలు. ఈ ఆర్డరులో ఆయనకు మిగిలేదే 50 వేలైతే, ఆమె అడుగుతున్నది ఆయన లాభంలో సగం కన్నా ఎక్కువ. ఈ సంగతి తెలియకుండా అడిగితే, ఎంత మర్యాదగా అడిగినా ఆయన మనసు నొచ్చుకుంటుంది.

60 రోజుల గడువుకు చట్టం అడ్డు కూడా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న తరహా తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు కట్టాలి. ఇద్దరూ ఒప్పుకొని 60 రోజులని రాసుకున్నా చెల్లదు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా లెక్క కట్టాల్సి ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను మెలిక కూడా తోడైంది. ఇలా గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి కట్టకపోతే, ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి కుదరదు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. తయారు చేయకుండా కొని అమ్మే హోల్‌సేల్ వ్యాపారులకు ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. అందుకే సరుకు ఇచ్చేవారి ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో ఏముందో ముందే చూసుకోవాలి.

కాబట్టి గడువు పెంచమనే మాట పక్కన పెట్టి, దాన్ని తగ్గించి డిస్కౌంటు అడగడం ఆమెకు మేలు. మన బజార్లలో దీన్ని క్యాష్ డిస్కౌంట్ అంటారు, పొట్టిగా సీడీ. 30 రోజులకు కట్టేది 7 రోజుల్లో కడితే 2 శాతం, అంటే రూ. 10 వేలు తగ్గించమని అడగవచ్చు. చేతిలో డబ్బు లేక ఆమె కూడా 12 శాతం వడ్డీకి ఓడీ వాడితే, 4 లక్షల 90 వేలకు ఆ 23 రోజుల వడ్డీ రూ. 3,700 దాకా అవుతుంది. అది పోనూ రూ. 6,300 మిగులుతుంది.

ఆయన ఎందుకు ఒప్పుకోవాలి? ఆయనకు వడ్డీ మిగిలేది కూడా ఆ 3,700 దరిదాపుల్లోనే. కానీ బాకీ కోసం నాలుగుసార్లు ఫోన్ చేసే పని తప్పుతుంది, డబ్బు మునుగుతుందన్న భయం ఉండదు, శనివారం కుట్టుపనివాళ్లకు కూలి ఇవ్వడానికి చెయ్యి చాచక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన బట్ట కొనే చోట నగదు పెడితే ఆయనకూ సీడీ దొరకవచ్చు.

అడిగే సమయం కూడా చూసుకోవాలి. యూనిఫాంల పని ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊపిరాడనివ్వదు, అప్పుడు ఆయనకు బేరం వినే ఓపిక ఉండదు. జనవరిలో మిషన్లు ఖాళీగా ఉంటాయి. పాత బాకీ పూర్తిగా కట్టేశాక, వసూళ్లకు వచ్చే కుర్రాడితో కాకుండా యజమానితోనే, వీలైతే యూనిట్‌కు వెళ్లి మాట్లాడాలి.

"బాబాయ్ గారూ, మీ రేటు ఎక్కువని రాలేదు. ఈసారి సైజుల లెక్క ఇప్పుడే రాసిచ్చేస్తాను, మళ్లీ మార్చను. మిషన్లు ఖాళీగా ఉన్నప్పుడే కుట్టించుకోండి. దానికి ఒక శాతం, సరుకు దిగిన ఏడు రోజుల్లో డబ్బు వేస్తే రెండు శాతం చూడండి. మీకు కష్టమైతే ఎక్కడ కష్టమో చెప్పండి."

"రెండు శాతం ఇస్తానమ్మా. ఒక శాతం మాత్రం మిగిలిపోయిన సరుకు వాపసు పంపనంటేనే."

ఇక్కడ ఇద్దరూ ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకున్నారు. ఆమె కోరిన 5 శాతం రాలేదు, 3 శాతం వచ్చింది, అంటే రూ. 15 వేలు. వాపసు వద్దన్న షరతు చిన్నదేం కాదు. పోయిన ఏడు ఎంత సరుకు మిగిలిందో పుస్తకంలో చూసుకున్నాకే ఆమె సరే అనాలి. పక్క యూనిట్ తక్కువకు ఇస్తానన్నదని లేని కొటేషన్ చెప్పి బెదిరించడం పనికిరాదు. బట్ట నాణ్యత, కుట్టు కూలి తెలిసిన మనిషికి ఆ అబద్ధం ఇట్టే దొరికిపోతుంది.

ఒప్పందం కుదిరిన రోజే వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు రాసి పంపుకోవాలి. ఏడు రోజులు బిల్లు తేదీ నుంచా, సరుకు దిగిన రోజు నుంచా అన్నది అందులో తప్పక ఉండాలి, ఎక్కువ తగాదాలు వచ్చేది అక్కడే. ఒక శాతం తగ్గింపును బిల్లులోనే చూపిస్తే జీఎస్టీ కూడా ఆ మేరకు తగ్గుతుంది. డబ్బు కట్టాక వచ్చే రెండు శాతానికి క్రెడిట్ నోట్ ఎలా ఇవ్వాలో ఇద్దరి అకౌంటెంట్లూ ముందే అనుకోవాలి.

మాట తప్పడం చాలాసార్లు చిన్నగానే మొదలవుతుంది. పదిహేనో రోజున డబ్బు పంపుతూ కూడా రెండు శాతం కోసుకుంటారు. ఆయన పైకి ఏమీ అనడు. కానీ బేరం మరీ బిగిసినా, మాట తప్పినా దాని ఫలితం సరుకులో కనబడుతుంది. పోయినేటి చొక్కా, ఈ ఏటి చొక్కా ఒకే సైజువి తూకం వేస్తే బట్ట పలచబడిందో లేదో తెలుస్తుంది. నేవీ బ్లూ ప్యాంట్లు రెండు కట్టల్లోంచి తీసి పగటి వెలుతురులో పక్కపక్కన పెడితే రంగు తేడా తెలుస్తుంది. జూన్‌లో అత్యవసరంగా అడిగిన పార్సిల్ మనకన్నా ముందు వేరే ఊరికి పోతుంటే బంధం సడలినట్టే. అప్పుడు నిష్ఠూరాలాడకుండా, కూర్చుని ఎక్కడ ఇబ్బంది అయిందో అడగాలి, అవసరమైతే అర శాతం వెనక్కి ఇవ్వడానికైనా సిద్ధపడాలి.

ఏ వ్యాపారంలోనైనా ఒక్కోసారి ఏడో రోజుకు డబ్బు సర్దుబాటు కాదు. అప్పుడు నాలుగో రోజునే ఫోన్ చేసి, ఎప్పుడు వేస్తామో తేదీ చెప్పి, ఈసారి సీడీ తీసుకోవడం లేదని మనమే ముందుగా చెప్పాలి. వచ్చే ఏడు రెండున్నర శాతం అడిగే హక్కు ఆ ఫోనుతోనే వస్తుంది.