ఎర్రనీరు, అరగంట, లేత గులాబీ రంగు

ఏటా వానాకాలం మొదట్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ఎగువన ఎక్కడెక్కడి నేలలనో కడుగుకుంటూ వచ్చిన ఒండ్రుతో నది రంగే మారిపోతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 53 అడుగుల దగ్గరే. ఆ వరద ధవళేశ్వరం దాటి కోనసీమ లంకల మీదికి వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లే నీళ్లలో నిలబడ్డాయి. అలాంటి రోజుల్లో బావి గట్టు మునుగుతుంది, బోరు చుట్టూ మురుగు చేరుతుంది, కుళాయికి కరెంటు ఉండదు. చుట్టూ నీళ్లే ఉంటాయి గాని, గ్లాసుడు మంచినీళ్లకు కటకట మొదలవుతుంది.

అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. దొరికిన నీళ్లు బకెట్‌లో పట్టి, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. ఘాటు వాసన రాగానే ‘మందు పడింది’ అనుకుని తాగేస్తారు. ఆ నీళ్లు ఎర్రగా ఉంటే మాత్రం, వేసిన మందులో చాలా భాగం సూక్ష్మక్రిముల దాకా వెళ్లకుండానే ఖర్చయిపోతుంది.

ఎందుకో తెలియాలంటే క్లోరిన్ నీళ్లలో ఏం చేస్తుందో చూడాలి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిసినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లం, హైపోక్లోరైట్ తయారవుతాయి. ఈ రెండింటినీ కలిపి ఫ్రీ క్లోరిన్ అంటారు. వీటిలో హైపోక్లోరస్ ఆమ్లం చాలా చురుకైనది. సూక్ష్మక్రిమి పైపొరను దాటి లోపలికి చొరబడి దాన్ని చంపుతుంది. అయితే క్లోరిన్‌కు ఇది క్రిమి, ఇది కాదు అనే విచక్షణ ఉండదు. కుళ్లిన ఆకు ముక్క, పేడ రేణువు, నీళ్లలోని ఇనుము, ఏది ముందు ఎదురైతే దానితో చర్య జరిపి ఖర్చయిపోతుంది. మురుగులోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లుగా మారుతుంది. ఆ రూపంలో దాని చంపే శక్తి బాగా తగ్గిపోతుంది. ముక్కుకు తగిలే ఘాటు వాసన చాలాసార్లు ఈ క్లోరమైన్లదే. అందుకే వాసనను నమ్ముకుని నీళ్లు మంచివని తేల్చడానికి లేదు.

అడ్డొచ్చిన వాటన్నిటికీ నీళ్లు ఖర్చుపెట్టే క్లోరిన్‌ను ‘క్లోరిన్ డిమాండ్’ అంటారు. డిమాండ్ తీరాక మిగిలేదే అవశేష క్లోరిన్. ఇది నీటికీ నీటికీ మారుతుంది. ఒకే ఊళ్లో రెండు బావులకు రెండు లెక్కలుండొచ్చు. బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం హారక్స్ ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆరు తెల్లని కప్పుల్లో అవే నీళ్లు పోసి, మొదటి దాంట్లో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, ఇలా పెంచుకుంటూ బ్లీచింగ్ ద్రావణం వేసి అరగంట ఆగుతారు. తర్వాత అన్నిటిలోనూ స్టార్చి అయొడైడ్ వేస్తారు. క్లోరిన్ మిగిలిన కప్పుల్లోనే నీలిరంగు వస్తుంది. రంగు మొదట ఏ కప్పులో కనబడిందో చూసి బావికి ఎంత పౌడర్ వేయాలో లెక్కగడతారు. బావుల క్లోరినేషన్ గురించి చెప్పే వైద్య పాఠ్యపుస్తకాల్లో ఈ పరీక్ష నేటికీ ఉంది.

ఇక బురద సంగతి. క్లోరిన్‌ను మట్టి తినేస్తుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి శుద్ధమైన మట్టి రేణువు క్లోరిన్‌ను పెద్దగా తినదు. తినేది దానికి అంటుకుని వచ్చిన కుళ్లు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. సూక్ష్మక్రిములు రేణువుల సందుల్లో, చిన్న చిన్న ముద్దల నడుమ ఇరుక్కుని ఉంటాయి. క్లోరిన్ ఆ ముద్ద పైభాగాన్ని కాల్చేసరికే ఖర్చవుతుంది, నడిమధ్యకు చేరదు. కాబట్టి మోతాదు రెట్టింపు చేసి, పరీక్షలో క్లోరిన్ మిగిలిందని తేలినా, ముద్దల్లో దాగిన క్రిములు బతికే ఉండొచ్చు. పైగా కుళ్లు ఎక్కువున్న నీళ్లలో క్లోరిన్ ఎక్కువ వేసినకొద్దీ ట్రైహలోమీథేన్ల వంటి అక్కరలేని పదార్థాలూ పెరుగుతాయి.

నీటి మసకతనాన్ని ఎన్‌టీయూ అనే కొలతలో చెబుతారు. క్లోరిన్ వేసే నీళ్లు 1 ఎన్‌టీయూ లోపు ఉంటే మేలనీ, ఇంటి స్థాయిలో 5 దాటకుండా చూడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 4 దాటితే మసక కంటికే తెలుస్తుంది. అంటే గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టినప్పుడు మబ్బుగా కనిపిస్తే, ఆ నీళ్లను ఇంకా తేర్చాలి.

తేర్చే విద్య మన ఇళ్లకు కొత్త కాదు. బాన లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి నీళ్లు తేర్చడం పాత తరాలకు తెలిసిన పనే. ఇప్పుడు అందరికీ దొరికేది పటిక. నీళ్లలోని మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అందువల్ల అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ, రోజులు గడిచినా అడుక్కు దిగకుండా తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తీసేసి, జిగురు తెట్టెలుగా మారి రేణువులను పోగుచేస్తుంది. తెట్టెలు బరువెక్కి అడుక్కు దిగుతాయి. వాటితోపాటు క్రిముల్లో కొంత భాగమూ దిగిపోతుంది.

ఇరవై లీటర్ల బకెట్‌తో ఈ పని ఎలా చేయాలో చూద్దాం. నీళ్లు మరీ చిక్కటి బురదగా ఉంటే ముందు గంటసేపు కదపకుండా ఉంచి, పైనీళ్లు మరో బకెట్‌లోకి వంచుకోవాలి. నలగ్గొట్టిన పటిక ఒక గ్రాము, అంటే చిన్న చిటికెడు, గ్లాసు నీళ్లలో కరిగించి ఇందులో పోయాలి. మొదటి నిమిషం జోరుగా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా కలపాలి. ఈ మెల్లగా కలపడమే కీలకం. గరిట ఆపకుండా బలంగా తిప్పితే అప్పుడే కట్టిన తెట్టెలు విరిగిపోతాయి. తర్వాత మూతపెట్టి, గంటపాటు ముట్టుకోకూడదు. అడుగున మడ్డి చేరాక, అది కదలకుండా పైతేటను నాలుగు మడతల శుభ్రమైన నూలుగుడ్డలోంచి వేరే పాత్రలోకి వంపుకోవాలి. ఇంకా మసకగా ఉంటే పటిక ఇంకాస్త పెంచి మళ్లీ తేర్చాలి. పటిక మరీ ఎక్కువైతే నీళ్లు వగరు తేలతాయి.

ఇప్పుడు క్లోరిన్ వంతు. ఇరవై లీటర్లకు కావలసిన పౌడర్ చాలా కొద్ది. అంత తక్కువను తూచడం ఇంట్లో కుదిరే పని కాదు. అందుకే ముందు ఒక లీటరు ద్రావణం తయారుచేసుకోవాలి. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో నాలుగో వంతు క్లోరిన్ ఉందనుకుంటే, 40 గ్రాముల పౌడర్‌ను లీటరు నీళ్లలో కలిపితే 1 శాతం ద్రావణం అవుతుంది. సున్నం అడుక్కు దిగాక పైతేటను ప్లాస్టిక్ సీసాలో పోసి, పిల్లలకు అందని చీకటి చోట ఉంచాలి. వారం దాటితే పారబోసి కొత్తది చేసుకోవాలి. దీనిలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. దగ్గుమందు మూతతో 4 మిల్లీలీటర్లు కొలిచి బకెట్‌లో వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు పడినట్టు.

ఈ లెక్క పౌడర్ నాణ్యత మీద ఆధారపడింది. తెరిచి ఉంచిన సంచిలో చెమ్మ తగిలి గడ్డకట్టిన పౌడర్‌లో క్లోరిన్ సగం కూడా ఉండకపోవచ్చు. మరో జాగ్రత్త, బ్లీచింగ్‌ను బాత్రూమ్ కడిగే యాసిడ్ దగ్గరికి పోనివ్వకూడదు. రెండూ కలిస్తే ఊపిరి తీసే క్లోరిన్ వాయువు పుడుతుంది.

వేసి కలిపాక అరగంట ఆగాలి. క్రిమిని చంపడానికి క్లోరిన్ గాఢత ఎంత ముఖ్యమో, అది క్రిమితో గడిపే సమయమూ అంతే ముఖ్యం. ఈ రెంటినీ గుణిస్తే వచ్చే అంకెతో నీటి ఇంజినీర్లు లెక్కలు వేస్తారు. లీటరుకు అర మిల్లీగ్రాము ఫ్రీ క్లోరిన్ అరగంట నిలిస్తే అంకె 15 వస్తుంది. కలరా, టైఫాయిడ్ కలిగించే బ్యాక్టీరియాకూ, నీటి ద్వారా వచ్చే చాలా వైరస్‌లకూ అది సరిపోతుంది. నీళ్లు చల్లగా ఉన్నా, సున్నపు గుణం ఎక్కువై పీహెచ్ 8 దాటినా క్లోరిన్ మందకొడిగా పనిచేస్తుంది, కాబట్టి ఇంకాసేపు ఆగాలి.

అరగంట తర్వాత మిగిలిందెంతో తేల్చేది రంగు పరీక్ష. డీపీడీ పొడి లేదా మాత్ర వేస్తే ఫ్రీ క్లోరిన్ ఉన్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగును పెట్టెలోని నమూనాలతో పోల్చాలి. పాత క్లోరోస్కోపుల్లో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు వస్తుంది. దాన్ని పది సెకన్లలోపే చూడాలి. ఆలస్యమైతే క్లోరమైన్లూ రంగిచ్చి లెక్క తప్పిస్తాయి. డీపీడీతోనూ ఒక మోసముంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే వచ్చిన గులాబీ రంగు క్షణాల్లో విరిగి నీళ్లు తెల్లబడతాయి. చూసేవాళ్లు క్లోరిన్ లేదనుకుని ఇంకా వేస్తారు. అనుమానం వస్తే నమూనాను శుభ్రమైన నీళ్లతో పలచన చేసి మళ్లీ చూడాలి.

ఉదాహరణకు పక్కపక్కనే రెండు బకెట్లు ఉన్నాయనుకుందాం. రెంటిలోనూ అదే ఎర్రనీరు, అదే 4 మిల్లీలీటర్ల ద్రావణం. తేర్చని బకెట్‌లో అరగంటకు డీపీడీ వేస్తే రంగే రాదు. 2 మిల్లీగ్రాములూ కుళ్లుకే సరిపోయాయి. పటికతో తేర్చిన బకెట్‌లో 0.8 మిల్లీగ్రాములు మిగిలింది. డిమాండ్ 1.2 అన్నమాట. ఈ రెండో బకెట్ నీళ్లు తాగొచ్చు. అరగంటకు 0.5 కంటే తక్కువ తేలితే మరో రెండు మిల్లీలీటర్లు వేసి మళ్లీ అరగంట ఆగాలి. 2 దాటితే రుచి పోతుంది, తాగడానికి ఇంట్లోవాళ్లు ఇష్టపడరు.

నిల్వలో ఈ క్లోరిన్ ఊరికే ఉండదు. గ్లాసు ముంచిన ప్రతి చేయీ, పాచి పట్టిన ప్రతి అంచూ దాన్ని కొంత తింటాయి. ఎండ తగిలితే అది విరిగిపోతుంది. మట్టికుండ గోడల రంధ్రాల్లోనూ తొందరగా తగ్గిపోతుంది. చల్లదనం కోసం కుండే కావాలనుకుంటే, మూతా కుళాయీ ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నిల్వ ఉంచి, ఆ పూటకు కావలసినన్ని మాత్రమే కుండలో పోసుకోవడం మేలు.

క్లోరిన్‌కు లొంగనివీ ఉన్నాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఇంటి మోతాదులకు చావదు. జియార్డియాకు అరగంట చాలదు. నీళ్లలో ఈ రెంటి భయం ఉన్నప్పుడు, నెలల పిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి తేటనీళ్లను తెర్లేదాకా కాచి ఇవ్వాలి. ఫ్లోరైడు, పురుగుమందు, వరదలో కలిసిన డీజిలు వంటి వాటిని క్లోరిన్ తొలగించదు.

తేర్చిన ఆ రెండో బకెట్ నీళ్లను డబ్బాలో పోసి మూతపెట్టారనుకుందాం. మర్నాడు అదే వేళకు మళ్లీ డీపీడీ వేస్తే గులాబీ రంగు లేతగా, లీటరుకు 0.3 మిల్లీగ్రాముల దగ్గర కనిపిస్తుంది. 0.2 దాకా ఉన్నంతవరకు ఆ నీళ్లకు కాపలా ఉన్నట్టే. రంగు అంతకంటే పాలిపోయిన పూట మిగిలిన నీళ్లు గిన్నెలు తోమడానికి వాడుకుని, డబ్బా కడిగి, తాజాగా తేర్చిన నీళ్లకు మరో 4 మిల్లీలీటర్లు కొలుచుకోవాలి.