భాగహారానికి ఎన్ని క్లాకులు?

చిప్‌లో భాగహారం మనం బడిలో నేర్చుకున్నట్టే సాగుతుంది, కాకపోతే బైనరీలో. 13ను 3తో భాగిద్దాం. 13 అంటే 1101. శేషం రిజిస్టర్ సున్నాతో మొదలవుతుంది. ప్రతి క్లాకుకీ పై బిట్ ఒకటి శేషంలోకి జరుగుతుంది. అందులోంచి 3 తీసేసి చూస్తారు. మొదట శేషం 1, 3 పోదు. కాబట్టి పాత శేషాన్నే ఉంచి, భాగఫలంలో 0 రాస్తారు. రెండోసారి శేషం 3. తీసేస్తే 0, భాగఫలంలో 1. ఆపై రెండుసార్లూ 3 పోదు. భాగఫలం 0100, అంటే 4, శేషం 1.

నాలుగు బిట్లకు నాలుగు క్లాకులు. 32 బిట్లకు 32. సంఖ్యలను లోడ్ చేయడానికి మరొకటి కలిపితే 33. తీసేసిన విభాజకాన్ని మళ్లీ కూడి శేషాన్ని సరిచేసే డిజైన్‌లో, 3 పోని ప్రతిసారీ ఒక క్లాకు అదనం. తీసివేత ఫలితాన్ని రిజిస్టర్‌లోకి ఎక్కించకుండా వదిలేస్తే ఆ ఖర్చు ఉండదు.