నో కాస్ట్ ఈఎంఐలో దాగిన వడ్డీని లెక్కకట్టడం ఎలా?

ఫోన్ ధర 24,000 రూపాయలు. నెలకు 4,000 చొప్పున ఆరు వాయిదాలు కడితే సరిపోతుంది, వడ్డీ లేదు అంటుంది ప్రకటన. ఆరు నాలుగులు ఇరవై నాలుగే కాబట్టి లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. కానీ అప్పు ఇచ్చే బ్యాంకు వడ్డీ వదులుకోదు. 2013 సెప్టెంబరులోనే భారతీయ రిజర్వ్ బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, ఇలాంటి పథకాల్లో వడ్డీని తరచూ ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి కొనుగోలుదారు నుంచే రాబడుతున్నారని బ్యాంకులకు స్పష్టం చేసింది. మరి ఆ వడ్డీ ఎక్కడుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

క్రెడిట్ కార్డు మీద బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ తీసుకుంటుందనుకుందాం. నెలకు 4,000 చొప్పున ఆరు వాయిదాలు రావాలంటే ఆ రేటు ప్రకారం అసలు 22,984 రూపాయలు ఉండాలి. మిగిలిన 1,016 రూపాయలు వడ్డీ. దుకాణదారు లేదా ఫోన్ కంపెనీ ఈ 1,016ని ముందుగానే ధరలో తగ్గింపుగా చూపిస్తారు. కొనుగోలుదారు దాన్నే ఆరు నెలల్లో బ్యాంకుకు వడ్డీగా కడతాడు. అందుకే మొత్తం మళ్లీ 24,000కే వస్తుంది.

ఇక్కడితో ఆగితే నిజంగానే అదనపు ఖర్చు లేదు. అయితే ఆ వడ్డీ మీద బ్యాంకు 18 శాతం జీఎస్‌టీ వసూలు చేస్తుంది. అది 183 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే, దాని మీద జీఎస్‌టీ కలిపి 235. రెండూ కలిస్తే 418 రూపాయలు. వాయిదాల పట్టికలో కనిపించకపోయినా ఇవి నెలవారీ కార్డు బిల్లులో విడిగా వస్తాయి.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఏ బిల్లులోనూ కనిపించదు. అదే ఫోన్‌కు ఒకేసారి డబ్బు చెల్లించేవారికి 1,500 రూపాయల తగ్గింపు ఉందనుకుందాం. అప్పుడు ఫోన్ అసలు ధర 24,000 కాదు, 22,500. వాయిదాల్లో కొనేవారు చెల్లించేది 24,418. తేడా 1,918 రూపాయలు. అప్పు తీసుకున్నందుకు అయ్యే నిజమైన ఖర్చు ఇదే.

దీన్ని వడ్డీ రేటుగా మార్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 22,500 మీద 1,918 అంటే ఎనిమిదిన్నర శాతం. ఆరు నెలలకు అంత కాబట్టి ఏడాదికి 17 శాతం అనుకుంటారు. కానీ మొత్తం డబ్బు ఆరు నెలల పాటు చేతిలో ఉండదు. మొదటి వాయిదాలో తిరిగి కట్టే సొమ్ము ఒక్క నెలే వాడుకున్నట్టు, చివరి వాయిదాది ఆరు నెలలు వాడుకున్నట్టు. సగటున మూడున్నర నెలలు. ఎనిమిదిన్నరను మూడున్నరతో భాగిస్తే నెలకు సుమారు 2.4 శాతం, ఏడాదికి దాదాపు 29 శాతం. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల నలభై పైసల వడ్డీ.

ఒకేసారి కట్టేవారికి తగ్గింపు ఏమీ లేకపోతే ఫలితం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు అదనపు ఖర్చు 418 మాత్రమే. పై పద్ధతిలోనే లెక్కిస్తే ఏడాదికి ఆరు శాతం. చేతిలో ఉన్న 24,000ని ఆరున్నర శాతం వచ్చే డిపాజిట్‌లో ఉంచి, అందులోంచే నెలనెలా వాయిదా కట్టగలిగితే సుమారు 455 రూపాయల వడ్డీ వస్తుంది. అంటే ఖర్చు, రాబడి ఇంచుమించు సమానం. అదే డబ్బు మూడు శాతం ఇచ్చే పొదుపు ఖాతాలో ఉంటే వచ్చేది 210 రూపాయలే. ఒక్క వాయిదా ఆలస్యమైనా జరిమానాతో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి.

కాబట్టి కొనేముందు రెండు మొత్తాలు కాగితం మీద రాసుకోవాలి. ఒకటి, అన్ని తగ్గింపులూ పోగా ఒకేసారి కట్టాల్సింది. రెండోది, వాయిదాలు, ఫీజు, జీఎస్‌టీ కలిపి చివరకు కట్టేది. వాయిదాల కొనుగోలులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ముందస్తు తగ్గింపు ఎంత అన్నది కార్డు సంస్థలు విడివిడిగా చూపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. జీఎస్‌టీ లెక్కకు కావాల్సిన వడ్డీ అంకె అక్కడే దొరుకుతుంది. రెండు మొత్తాల మధ్య తేడాను ఒకేసారి కట్టే ధరతో భాగించి నూరుతో గుణించాలి. దాన్ని సగటు నెలలతో, అంటే వాయిదాల సంఖ్యకు ఒకటి కలిపి సగం చేయగా వచ్చిన అంకెతో భాగిస్తే, నెలకు నూటికి ఎంత వడ్డీ పడుతోందో తేలిపోతుంది.