డ్యూటీకి ముందే ఫీజా?

‘ఎయిర్‌పోర్ట్ డ్యూటీ. నెలకు 35 వేలు. రూమ్ ఫ్రీ. సొంత బండి అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ 500 మాత్రమే.’ హైదరాబాద్‌లో యాక్టింగ్ డ్రైవర్ పని వెతుక్కునేవాళ్ళ ఫోన్లకు ఇలాంటి మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ముందు ఎంతోకొంత కట్టందే డ్యూటీ రాదన్న అపోహ ఉన్నంతకాలం వీటి వ్యాపారానికి ఢోకా లేదు.

యాక్టింగ్ పనిలో డబ్బు బండి ఓనర్ దగ్గర్నుంచి రావాలి, డ్రైవర్ జేబులోంచి పోకూడదు. మధ్యవర్తి కమీషన్ కావాలంటే డ్యూటీ అయ్యాక బత్తాలో కోసుకుంటాడు. మోసం నడిచే తీరు వేరు. 500 పంపగానే మీ ఫొటోతో ఐడీ కార్డు వాట్సాప్‌లో వస్తుంది. ఆ కార్డు చూసి మనసు కుదుటపడేలోగా గేట్‌పాస్‌కు 1,850 అంటారు. ఆ తర్వాత యూనిఫాం డిపాజిట్ 3,000, అదీ ‘మొదటి జీతంతో రిఫండ్’ అట. మొత్తం 5,350. ఇప్పుడు ఆగితే కట్టినదంతా పోతుందన్న భయమే తర్వాతి వాయిదా కట్టిస్తుంది. చివరికి ఫోన్ స్విచాఫ్.

తేల్చుకోవడానికి ఒక్క మాట చాలు: ‘ఆ ఫీజేదో మొదటి డ్యూటీ డబ్బులో కోసుకోండన్నా.’ నిజంగా పని ఉన్నవాడైతే బేరమాడతాడు. లేనివాడు ‘సీటు పోతుంది’ అని తొందరపెడతాడు. ఆఫీసులో ఒరిజినల్ లైసెన్స్ పెట్టుకుంటామన్నా ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, అంతే.

‘పసుపు నంబర్ కారుకు బ్యాడ్జ్ ఉండాలి’ అనే పెద్దమనుషులు 2024 నవంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు చదివితే మంచిది. 7,500 కిలోలు దాటని రవాణా వాహనానికి ఎల్ఎంవీ లైసెన్సే చాలు. ‘ఏం జరిగినా ఓనరే చూసుకుంటాడు’ అన్నది మరీ విడ్డూరం. తాగి నడిపితే కేసు స్టీరింగ్ పట్టినవాడి మీదే.

‘తెలిసినవాళ్ళు లేకపోతే పని దొరకదు’ అన్నదాంట్లో మాత్రం, ఒప్పుకోక తప్పదు, చాలావరకు నిజముంది. తన కారు తాళం ముక్కూమొహం తెలియనివాడి చేతిలో ఎవరు పెడతారు? కాబట్టి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు, మెకానిక్ షెడ్డుకు, దగ్గర్లోని ట్రావెల్స్ ఆఫీసుకు నంబర్ ఇచ్చి రండి. మొదట లోకల్ డ్యూటీలే పట్టండి.

తాళం తీసుకునే ముందు ఎంపరివాహన్‌లో బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ గడువు చూడండి. బండి చుట్టూ వీడియో తీసి, కిలోమీటర్ రీడింగ్‌తో సహా ఓనర్‌కు పంపండి. పాత గీతలు మీ ఖాతాలో పడవు. ‘విశాఖ ఏజెన్సీ నుంచి ఖాళీ కారు తెస్తే చాలు, రెట్టింపు ఇస్తాం’ అంటే డిక్కీ కూడా తెరవక్కర్లేదు, వద్దని చెప్పండి. గంజాయి దొరికితే మొదట లోపలికెళ్ళేది డ్రైవరే. 20 కిలోలు దాటిన కేసులో నేరం రుజువైతే పదేళ్ళకు తక్కువ శిక్ష ఉండదు.

డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో ఆ డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.