ఆరు గంటలకు లాగిన్ ఆగిపోయేలోపు

మాది గచ్చిబౌలిలో ఆఫీసు. ఆరోగ్య బీమా క్లెయిములు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పని. 12 మంది ఉన్న టీముకు నాలుగేళ్లు లీడ్‌గా చేసి, 90 రోజుల నోటీసు పూర్తి చేసుకుని బయటికొచ్చాను. ఆ 90 రోజుల్లో కేటీ సెషన్లకు, హ్యాండోవర్ పత్రాలకు, ఎవరికి ఏ యాక్సెస్ ఇప్పించాలన్నదానికి తేదీలు వేసుకున్నాను. టీముకు థాంక్స్ చెబుతూ రాయాల్సిన మెయిల్‌కి మాత్రం తేదీ వెయ్యలేదు. చివరి రోజు లాప్‌టాప్ అప్పజెప్పే ముందు పది నిమిషాల్లో రాసెయ్యవచ్చనుకున్నాను.

అది ఎంత పొరపాటో నాకు తెలియజెప్పింది మా టీములోని టెస్టింగ్ అమ్మాయి. ఇంకో పది రోజుల్లో వెళ్లిపోతాననగా నా దగ్గరికి వచ్చి, “అన్నా, వచ్చే మార్చిలో నా రేటింగ్ ఎవరు వేస్తారు? వాళ్లకి నేనేం చేశానో ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. అప్పుడు నవంబరు. మా దగ్గర అప్రైజల్ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంటే దాదాపు ఎనిమిది నెలల పని ఎవరెవరు ఎలా చేశారన్నది నా బుర్రలో ఉంది, నాతోపాటే గేటు దాటిపోతుంది. కొత్తగా వచ్చే లీడ్‌కి కనిపించేవి టికెట్ల లెక్కలే.

ఆ లెక్కల్లో ఏం మిగులుతుందో ఆ అమ్మాయి విషయంలోనే చూడండి. రోగి కట్టాల్సిన వాటాను మా ప్రోగ్రాం ఒక్కో బిల్లుకి విడివిడిగా రూపాయికి సరిచేసేది. మూడు బిల్లుల్లో తలా 40 పైసలు ఉంటే మూడుసార్లూ ఆ పైసలు ఎగిరిపోతాయి. ముందు కూడి, తర్వాత సరిచేస్తే మొత్తం రూపాయి 20 పైసలవుతుంది కాబట్టి రూపాయి నిలుస్తుంది. తేడా రూపాయే, కానీ వేల క్లెయిముల్లో అదే జరిగితే నెలాఖరు ఖాతాలు కలవవు. రిలీజ్‌కి ఒక్క రోజు ముందు ఆమె దాన్ని పట్టుకుంది. “రూపాయేగా” అని అందరూ సర్దిచెబుతుంటే ఒప్పుకోకుండా రిలీజ్ ఆపించింది. సిస్టంలో మాత్రం అది ‘తక్కువ తీవ్రత’ అని నమోదైన ఒక బగ్. అంతే.

నేను మొదట రాసుకున్న చిత్తుప్రతిలో “మీ అందరి సహకారం మరువలేనిది, మీతో పనిచేయడం నా అదృష్టం” అని ఉంది. అబద్ధం కాదు, కానీ అందులో ఆ అమ్మాయి లేదు. ఆ వాక్యాన్ని ఏ కంపెనీలో ఏ టీముకైనా పంపవచ్చు. దాన్ని కొట్టేసి ఆమె గురించి ఇలా రాశాను: “సెప్టెంబరు రిలీజ్‌కి ముందురోజు బిల్లుల మొత్తంలో రూపాయి తేడా పట్టుకుని, నాతో సహా అందరం వద్దన్నా రిలీజ్ ఆపించావు. ఆ నెల ఖాతాలు సరిపోయాయంటే నీ వల్లే. నీకు రుణపడి ఉన్నాను.” ఎప్పుడు, ఏం చేసింది, దానివల్ల ఏం జరిగింది అన్న మూడూ ఉన్నాయి కాబట్టి, ఆ ముక్క చదివిన కొత్త లీడ్‌కి మరొకరు వివరించి చెప్పనక్కర్లేదు. 12 మందికి అలా రాయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఇద్దరి గురించి రాయడానికి కూర్చుంటే ఒక్క సంఘటనా గుర్తురాలేదు. పాత చాట్‌లు, టికెట్లు తిరగేస్తే దొరికాయి. పని చిక్కుల్లేకుండా సాగించేవాళ్లు ఎవరికీ గుర్తుండరని ఆ రాత్రి తెలిసి బాధేసింది.

పేరుపెట్టి మెచ్చుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. అంతకుముందు పనిచేసిన చోట నేను ఆ తప్పు చేశాను. అర్ధరాత్రి డేటాబేస్ పడిపోతే తెల్లారేదాకా కూర్చుని నిలబెట్టిన కుర్రాడి గురించి వీడ్కోలు మెయిల్‌లో ఘనంగా రాశాను. అది ఎవరి చేతిలో పడిపోయిందో ఆఫీసంతటికీ తెలుసు. ఆ రెండో మనిషి వారం తర్వాత ఫోన్ చేసి, “పోతూపోతూ మళ్లీ గుర్తు చేశారు సార్” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పట్నుంచి, ఒకరిని మెచ్చుకుంటే మరొకరి తప్పు బయటపడేలా ఉన్న సంగతిని అందరికీ వెళ్లే మెయిల్‌లో పెట్టను. ఆ మనిషికి విడిగా, ఆయన మేనేజర్‌కి కాపీ పెట్టి రాస్తాను. “నా తర్వాత ఈ టీమును నడపగలవాడు ఇతనే” లాంటి మాట కూడా రాయకూడదు. లీడ్‌ని ఎంచడం వెళ్లిపోయేవాడి చేతిలో ఉండదు. మర్నాడు ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుంటే ఇద్దరికీ ఇబ్బందే. క్లయింటు పేరు, ఇంకా విడుదలకాని పని వివరాలు, చేరబోయే కంపెనీ సంగతి కూడా అందులో పెట్టవద్దు.

ఇక ఎప్పుడు పంపాలి? చాలా ఆఫీసుల్లో చివరి రోజు సాయంత్రం లాగిన్ ఆగిపోతుంది. మాకు ఆరు గంటలకు. న్యూయార్క్‌లో అప్పటికి ఉదయం ఏడున్నర, వేసవి గడియారమైతే ఎనిమిదిన్నర. మధ్యాహ్నం మూడుకి పంపితే అక్కడి సహోద్యోగులు నిద్ర లేచి, చదివి, జవాబు రాసేసరికి ఆ జవాబు అందుకునే మెయిల్‌బాక్సే ఉండదు. అందుకే ముందురోజు సాయంత్రమే పంపాను. సొంత మెయిల్ ఐడీ కింద రాశాను. అంతేగాని సహోద్యోగుల చిరునామాల జాబితాను ఆఫీసు మెయిల్ నుంచి సొంత మెయిల్‌కి పంపుకోకూడదు. డేటా బయటికి పోతోందని సెక్యూరిటీ విభాగానికి హెచ్చరిక వెళ్లవచ్చు, రిలీవింగ్ లెటర్ దానివల్ల ఆగిపోవచ్చు. అందరి పేర్లూ బీసీసీలో పెట్టడం మంచిది. లేకపోతే ఒక్కో జవాబూ వందమంది ఇన్‌బాక్సుల్లోకి వెళుతుంది, రెండో రోజుకి విసుగొచ్చి ఎవరూ ఏదీ తెరవరు.

పంపిన తర్వాత ఒక పేరు తగల్లేదని గుర్తొచ్చింది. రాత్రి సపోర్టు చూసే ఆయన మా కంపెనీ ఉద్యోగి కాదు, వేరే ఏజెన్సీ తరఫున కాంట్రాక్టు మీద వచ్చినవాడు. టీము మెయిలింగ్ లిస్టులో కాంట్రాక్టు వాళ్లుండరు. కానీ మూడు సంక్రాంతులు ఆయన ఇంటికి పోకుండా డ్యూటీ చేశాడు, అందుకే మేం భోగి మంటల దగ్గర ఫోన్ చూసుకోకుండా నిలబడ్డాం. ఆయన జీతం పెంచేది ఏజెన్సీ. ఆయన పని చూసిందెప్పుడూ మేం, వాళ్లు కాదు. అందుకని మా మేనేజర్‌నీ హెచ్‌ఆర్‌నీ అడిగి, వాళ్లు సరేనన్నాక, చివరి రోజు మధ్యాహ్నం ఏజెన్సీ మేనేజర్‌కి విడిగా రాశాను. ఏయే తేదీల్లో ఏ సమస్య వచ్చింది, ఆయన ఎంతసేపట్లో సరిచేశాడు అన్నవి సపోర్టు లాగ్‌లోంచి తీసి, క్లయింటు వివరాలు లేకుండా నాలుగు పేరాలు. కాపీ ఆయనకు పెట్టాను.

అయిదుంబావుకి ఆయన నా సీటు దగ్గరికి వచ్చాడు. రాత్రి డ్యూటీ మనిషి, నిద్రపోవాల్సిన వేళలో లేచి మియాపూర్ నుంచి వచ్చాడు. “ప్రింటు తీసుకోవచ్చా సార్? ఇంట్లో చూపిస్తాను” అన్నాడు. లాగిన్ ఇంకా పనిచేస్తోంది. రెండు కాపీలు తీసి ఒకటి ఆయనకు ఇచ్చాను. రెండోది నేను తెచ్చుకున్నాను.