కెమెరా ఎక్కడ పెట్టాలి?

కన్వేయర్ బెల్టు శుభ్రం చేసే ముందు కరెంటు ఆపి, తాళం వేయడం కొత్త కార్మికుడికి నేర్పాలి. వీడియో స్క్రిప్టులో "మెషీన్‌ను సురక్షితంగా ఆపండి" అని రాస్తే చాలదు. ఏం చేయాలో కార్మికుడికీ తెలియదు, ఏం తీయాలో కెమెరామన్‌కూ తెలియదు.

అందుకే కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసుకోవాలి. ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది. ఒక్కో వరుసకు ఒక్కటే పని: స్టాప్ బటన్ నొక్కడం, మెయిన్ స్విచ్ ఆఫ్ చేయడం, సొంత తాళం వేసి పేరున్న ట్యాగ్ తగిలించడం, బెల్టు దగ్గర ఎవరూ లేరని చూసుకుని స్టార్ట్ బటన్ నొక్కి పరీక్షించడం.

ఈ చివరి మెట్టును వదిలేయకూడదు. పొరపాటున పక్క మెషీన్ స్విచ్‌కు తాళం పడి ఉంటే బయటపడేది ఇక్కడే. ఆ కారణాన్ని వ్యాఖ్యానంలో చెప్పాలి. బటన్ నొక్కే వేలు, కదలని బెల్టు ఒకే షాట్‌లో కనిపించాలి. మధ్యలో కట్ పడితే ఆ రుజువు పోతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కర్మాగారాల్లో నడిచిన 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' శిక్షణ కూడా పనిని ముఖ్యమైన మెట్లుగా, ఒక్కో మెట్టులోని కీలకాంశాలుగా విడగొట్టమనే చెప్పింది.

ఎదురుగా నిలబడి తీస్తే చూసేవారికి కుడిఎడమలు తారుమారవుతాయి. పనివాడి భుజం మీదుగా తీస్తే తన చేతులే చూసుకున్నట్టు ఉంటుంది. మెషీన్‌లో గాలి పీడనం, స్ప్రింగులు ఉంటే ఆ శక్తిని వదిలించే మెట్లు అదనంగా చేర్చాలి.

షూటింగ్‌కు ముందే స్క్రిప్టును ఆ పని తెలియని ఒకరికి చదివి వినిపించండి. అతను, నిపుణుడి పర్యవేక్షణలో, ఎక్కడ ఆగి సందేహం అడుగుతాడో అక్కడ ఇంకో షాట్ చేర్చండి.