మూడు వందల మైక్రాన్లా, నూట నలభై మూడా?

బెల్టుకు బిగువునిచ్చే ఐడ్లర్ పుల్లీని విప్పితే లోపల కనిపించేవి నాలుగైదు భాగాలే. మధ్యలో 25 మిల్లీమీటర్ల షాఫ్టు, దానికి ఒక పక్క మెట్టులా నిలిచిన షోల్డర్ ఉంటాయి. ఆ షోల్డర్‌కు ఆనించి మొదట ఒక బేరింగు, తర్వాత గొట్టంలాంటి స్పేసరు, ఆ తర్వాత రెండో బేరింగు ఎక్కిస్తారు. చివరికి షాఫ్టు మీది గాడిలో ఒక సర్‌క్లిప్ నొక్కితే పని పూర్తయినట్టే. ఇక ఏదీ జారిపోదు.

నొక్కగానే సర్‌క్లిప్ గాడిలో కూర్చోవాలంటే లోపల కాస్త ఖాళీ ఉండాలి. ఖాళీ సున్నా కంటే తగ్గితే వరస గాడిలోకి పొడుచుకొచ్చి సర్‌క్లిప్ కూర్చోదు. మరీ ఎక్కువైతే బేరింగులు షాఫ్టు మీద అటూ ఇటూ కదిలి, పుల్లీ పక్కకు జరుగుతుంది, బెల్టు అంచు ఒరుసుకుంటుంది. ఈ పుల్లీ డిజైనరు ఖాళీకి హద్దు సున్నా నుంచి 300 మైక్రాన్ల వరకు పెట్టుకున్నాడనుకుందాం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఆ ఖాళీ ఎంత సన్నదో తెలుస్తుంది.

చిక్కల్లా ఆ ఖాళీని ఎవరూ నేరుగా తయారుచేయకపోవడంలోనే ఉంది. షాఫ్టు ఒక లేత్ మీద, స్పేసరు ఇంకో లేత్ మీద తయారవుతాయి. బేరింగులు ఒక కంపెనీ నుంచి, సర్‌క్లిప్పులు మరో కంపెనీ నుంచి వస్తాయి. ఏ భాగమూ డ్రాయింగులో రాసిన కొలతకు అచ్చంగా రాదు కాబట్టి ప్రతి కొలతకూ కొంత తేడాను ముందే అనుమతిస్తారు. అదే టాలరెన్సు. ఆ తేడాలన్నీ పేర్చుకుంటూ పోతే చివరి ఖాళీ ఎంత మారుతుందో లెక్క కట్టడాన్ని టాలరెన్స్ స్టాక్-అప్ అంటారు.

బేరింగు సంగతి ముందు చూద్దాం. బజారులో దొరికే 6205 బేరింగు వెడల్పు 15 మిల్లీమీటర్లు. సాధారణ రకానికి అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చే వెసులుబాటు విచిత్రంగా ఉంటుంది: 15 కంటే ఒక్క మైక్రాన్ కూడా పెరగకూడదు, 120 మైక్రాన్ల దాకా తగ్గవచ్చు. లెక్క సులువు కోసం దీన్నే 14.94 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 60 మైక్రాన్లు అని రాసుకుంటారు. సర్‌క్లిప్ మందం 1.2 మిల్లీమీటర్లు, 60 మైక్రాన్ల వరకు తగ్గవచ్చు. అంటే 1.17, అటూ ఇటూ 30. స్పేసరు 20 మిల్లీమీటర్లకు డిజైనరు ఇచ్చింది అటూ ఇటూ 50. షాఫ్టు మీద షోల్డర్ నుంచి గాడి బయటి గోడ వరకు 51.20 మిల్లీమీటర్లకు 100.

నడిమి కొలతలతో ఖాళీ ఎంతో చూద్దాం. రెండు బేరింగులు, స్పేసరు, సర్‌క్లిప్ కలిపితే 51.05 మిల్లీమీటర్లు. దాన్ని 51.20 నుంచి తీసేస్తే 150 మైక్రాన్లు మిగులుతుంది. అనుకున్న హద్దుకు సరిగ్గా నడుమన ఉంది. ఇంతవరకు గొడవ లేదు.

ఇప్పుడు తేడాలు కలపాలి. మొదటి పద్ధతి పేరు వర్స్ట్ కేస్. ప్రతి భాగమూ తన హద్దు అంచున, అదీ మనకు ఎదురుతిరిగే వైపునే ఉందని ఈ లెక్క అనుకుంటుంది. 60, 60, 50, 30, 100 కూడితే 300. అంటే ఖాళీ 150కి అటూ ఇటూ 300: కింద మైనస్ 150, పైన 450. ఈ లెక్క ప్రకారం డిజైను పనికిరాదు.

పోనీ, టాలరెన్సులు బిగిద్దామా? ఖాళీ హద్దులో నిలవాలంటే మొత్తం తేడా 150 దాటకూడదు. బేరింగులూ సర్‌క్లిప్పూ బజారు సరుకు, వాటి హద్దులు మన చేతిలో లేవు. వాటి వాటాలు కూడితే 60, 60, 30, అంటే సరిగ్గా 150. షాఫ్టుకూ స్పేసరుకూ మిగిలింది సున్నా. సున్నా తేడాతో భాగం తయారుచేసే లేత్ ప్రపంచంలో ఎక్కడా లేదు. వర్స్ట్ కేస్ మీదే పట్టుబడితే ఈ పుల్లీ తయారే కాదు.

అయితే ఇలాంటి పుల్లీలు రోజూ తయారవుతూనే ఉన్నాయి. కారణం, ఐదు భాగాలూ ఒకేసారి చెడ్డ అంచున దొరకడం అరుదు. ఒక్కో భాగం ఆ అంచు దగ్గర ఉండే అవకాశం వందకు ఒకటి అనుకున్నా, ఐదూ ఒకే పుల్లీలో కలిసే అవకాశం వెయ్యి కోట్లకు ఒకటి. మామూలుగా జరిగేది వేరు: స్పేసరు కాస్త పొడుగైతే బేరింగు కాస్త సన్నగా వచ్చి ఒకదాని తేడా ఇంకొకదానిలో కొంత కొట్టుకుపోతుంది.

గణాంక పద్ధతి ఈ కొట్టుకుపోవడాన్ని లెక్కలోకి తెస్తుంది. టాలరెన్సులను నేరుగా కూడకుండా ఒక్కోదాన్ని వర్గం చేసి, ఆ వర్గాలు కూడి, మొత్తానికి వర్గమూలం తీస్తారు. 3600, 3600, 2500, 900, 10,000 కూడితే 20,600. దాని వర్గమూలం సుమారు 143. ఖాళీ 150కి అటూ ఇటూ 143, అంటే 7 నుంచి 293 వరకు. అవే భాగాలు, అవే టాలరెన్సులు. ఇందాక పనికిరాదన్న డిజైను ఇప్పుడు నెగ్గింది.

ఈ 143 అన్నది గోడ కాదు. ప్రతి భాగం టాలరెన్సూ మూడు సిగ్మాలకు సమానమని ఈ లెక్క అనుకుంటుంది. సిగ్మా అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలమానం. ఆ లెక్కన వెయ్యి పుల్లీలు బిగిస్తే సుమారు రెండు హద్దు దాటుతాయి. వాటిని బిగించే బల్ల దగ్గరే పట్టుకుని ఒక స్పేసరు మార్చేస్తే చాలు. ఆ రెండింటి ఖర్చు భరిస్తే, మిగతా 998కి అసాధ్యమైన కొలతలు అడగనక్కర్లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా వర్గాలు చెబుతాయి. మొత్తం 20,600లో షాఫ్టు ఒక్కటే 10,000, దాదాపు సగం. దాని టాలరెన్సును 100 నుంచి 50కి దించితే 143 కాస్తా 114 అవుతుంది. అదే సర్‌క్లిప్ టాలరెన్సును సగానికి తెస్తే 143 నుంచి 141కి మాత్రమే తగ్గుతుంది. ఖరీదైన సర్‌క్లిప్ కొన్నా ఒరిగేది రెండు మైక్రాన్లే.

ఇంత సాయం చేసే పద్ధతి కొన్ని నమ్మకాల మీద నిలబడింది. ప్రతి భాగం సగటూ తన హద్దుల నడుమనే ఉండాలి. ఒక భాగం తేడాకూ ఇంకొక దాని తేడాకూ సంబంధం ఉండకూడదు. షాపులో ఈ రెండూ తరచు తప్పుతాయి.

స్పేసరు కోసే టర్నరు సంగతే తీసుకుందాం. ఎక్కువ ఉంటే ఇంకోసారి కోయవచ్చు, తక్కువైతే ఆ ముక్క స్క్రాపే. అందుకే అతని చెయ్యి పై హద్దు దగ్గర ఆగుతుంది. లాటంతా 20.03 చుట్టూ, అటూ ఇటూ 20 మైక్రాన్లలో వచ్చిందనుకుందాం. గో, నో-గో గేజీ పెడితే ఒక్క ముక్క కూడా తప్పదు. ఇక బేరింగులు ఒకే పెట్టెలోంచి, ఒకే గ్రైండింగు సెట్టింగు నుంచి వచ్చాయి. వాటి వెడల్పు 14.97 చుట్టూ, అటూ ఇటూ 20 మాత్రమే. ఒకటి మందంగా ఉంటే రెండోదీ అలాగే ఉంటుంది, ఒకదాని తేడాను మరొకటి సర్దిపెట్టదు.

భాగాలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి, చెదురు కూడా అనుమతించిన దానికంటే తక్కువే. అయినా నడిమి ఖాళీ ఏమైందో చూడండి. ఒక్కో బేరింగు 30, స్పేసరు 30, మొత్తం 90 మైక్రాన్లు ఒకే వైపుకు జరిగాయి. ఖాళీ సగటు 150 నుంచి 60కి పడిపోయింది. కొత్త చెదురుతో వర్గాలు కూడితే 12,100, వర్గమూలం 110. ఖాళీ 60కి అటూ ఇటూ 110, అంటే కింది కొస మైనస్ 50. వందకు సుమారు ఐదు పుల్లీల్లో సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. వెయ్యికి రెండని చెప్పిన కాగితం, షాపులో వెయ్యికి యాభై అయింది. భాగాలన్నీ తనిఖీలో పాసైనవే కాబట్టి తప్పు ఎవరిదో తేల్చడం కూడా కష్టమే.

చెదురు ఎంత ఉన్నా వర్గమూలం కింద కొంత కరిగిపోతుంది. సగటు జరిగితే మాత్రం కరగదు, నేరుగా కూడుతుంది. గణాంక లెక్క తప్పిన చోట్ల మొదట వెతకాల్సింది ఇదే. గేజీ ఈ జరగడాన్ని చూపదు. అది అవును, కాదు అని మాత్రమే చెబుతుంది. లాట్‌లోంచి ముప్పై స్పేసర్లు తీసి మైక్రోమీటరుతో కొలిచి, అంకెలు రాసుకుని సగటు కడితే 20.03 వెంటనే బయటపడుతుంది.

పరిశ్రమ ఈ జరుగుడుకు ఎప్పటినుంచో మందు వెతుకుతోంది. 1962లో ఎ. బెండర్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక సులువైన జాగ్రత్త సూచించాడు: వర్గమూలంతో వచ్చిన జవాబును ఒకటిన్నర రెట్లు చేయమన్నాడు. మన పుల్లీకి 143 అలా సుమారు 215 అవుతుంది. 300కీ 143కీ నడుమ పడే అంకె ఇది. ఎంత జరుగుతుందో తెలియనప్పుడు కొంత కాపు కాస్తుంది. కొలిచిన అంకెలు చేతిలో ఉంటే ఇంకా మెరుగైన దారి ఉంది: జరిగిన సగటులను నేరుగా కూడి, చెదురును మాత్రం వర్గాలతో కలపడం.

ఆ దారిలో పుల్లీని సరిచేసి చూద్దాం. బేరింగుల కంపెనీని మార్చలేం, వాళ్ల 14.97నే నిజమని ఒప్పుకోవాలి. స్పేసరు టర్నరుకు హద్దులతో పాటు 20.00 మీదే గురి పెట్టమని చెప్పాలి. షాఫ్టు టాలరెన్సును 50కి దించాలి. స్పేసరు చెదురును పూర్తిగా 50 అనుకున్నా వర్గాల మొత్తం 6,700, మూలం సుమారు 82. ఖాళీ సగటు 90. అంటే 8 నుంచి 172 వరకు. రేపు బేరింగులు నిజంగానే నడిమి కొలత 14.94కు, పూర్తి చెదురుతో వచ్చినా ఖాళీ 36 నుంచి 264 దాకా ఉండి హద్దు దాటదు. వర్స్ట్ కేస్ లెక్క మాత్రం ఇప్పటికీ మైనస్ 100 చూపిస్తూనే ఉంటుంది.

అలాగని దాన్ని అటకెక్కించరు. చేసేది నాలుగు యంత్రాలే అయితే సగటుకూ సిగ్మాకూ కావలసిన సంఖ్యే ఉండదు. ఒక్క భాగం తప్పినా ప్రాణం మీదికి వచ్చే చోట వెయ్యికి రెండు అన్న మాట ఎవరూ ఒప్పుకోరు. వరసలో రెండు భాగాలే ఉన్నప్పుడు రెండు పద్ధతుల జవాబులూ దగ్గరగానే వస్తాయి కాబట్టి, కఠినమైనదానికి కట్టుబడటం వల్ల పెద్దగా పోయేదీ ఉండదు. ఖాళీని పెద్దదిగా వదిలి, అందులో అలల ఆకారపు స్ప్రింగు వాషరు పెట్టే డిజైనర్లూ ఉన్నారు. అప్పుడు ఖాళీలోని హెచ్చుతగ్గులను ఆ వాషరే మింగేస్తుంది. కొనాల్సిన భాగం మాత్రం ఒకటి పెరుగుతుంది.

గణాంక పద్ధతి ఎంచుకుంటే ఆ సంగతి డ్రాయింగు మీదే చెప్పాలి. అమెరికన్ ప్రమాణంలో ఇందుకు ఒక గుర్తు ఉంది: టాలరెన్సు పక్కన షడ్భుజంలో ఎస్‌టీ అన్న రెండు అక్షరాలు. ఆ గుర్తున్న కొలత హద్దుల్లో ఉంటే సరిపోదు, సగటునూ చెదురునూ గమనిస్తూ అదుపులో తయారుచేయాలని దాని అర్థం. గుర్తు లేని డ్రాయింగు చూసిన టర్నరు, రెండు హద్దుల మధ్య ఎక్కడ ఆపినా తన పని సక్రమమే అనుకుంటాడు.